టీ గ్లాసులో కరిగిపోయే మాత్ర

మన సొసైటీ ఉచిత మందుల పంపిణీ రోజున అద్దంకిలో పెద్దవాళ్ళను ఓ పావుగంట కూర్చోబెట్టి మాట్లాడుతుంటాను. పోయినసారి చెప్పిన మాటలనే సంచికకు రాసిమ్మన్నారు. ఆ మందులకు డబ్బు ఇచ్చేది మీరే కనుక, అవి ఇంటికి వెళ్ళాక ఏమవుతున్నాయో మీకూ తెలియాలి.

ఫలానా విదేశీ పండు రసంతో మాత్రలు వేసుకోకూడదని ఫోన్లలో తెగ తిరుగుతోంది. నిజమే, గ్రేప్‌ఫ్రూట్ రసం కొన్ని మందులతో పడదు. కానీ ఆ పండును మన బజారులో నేనైతే చూడలేదు. ఇక్కడ నేను రోజూ చూసే గొడవ పొద్దున్నే తాగే టీతో.

ఒక ఖాలా సంగతి చెబుతాను. వయసు డెబ్బైకి దగ్గర. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయక, రోజూ 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 11 వచ్చింది. టీఎస్‌హెచ్ అంటే ‘ఇంకా హార్మోన్ కావాలి’ అని మెదడు దగ్గరి గ్రంథి వేసే కేక లాంటిది. హార్మోన్ చాలకపోతే ఆ అంకె పెరుగుతుంది. మామూలుగా నాలుగు, నాలుగున్నర లోపు ఉంటుంది, బాగా పెద్దవాళ్ళలో కొంచెం ఎక్కువున్నా ఫరవాలేదు. డాక్టరు గారు మాత్రను 75కు పెంచారు. రెండు నెలల తర్వాత 9 వచ్చింది. ఈసారి 100 రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు ఖాలా?" అని అడిగాను.

"పొద్దున్నే, పరగడుపునే బేటా. ఒక్కరోజు కూడా మానలా."

"దేంతో?"

"టీతో. ఉత్త నీళ్ళతో అయితే గొంతులో అడ్డం పడుద్ది."

ఆవిడ దృష్టిలో టీ తాగినా అది పరగడుపే. ఇడ్లీయో రొట్టెయో తింటేనే కడుపులో ఏదైనా పడినట్టు లెక్క. ఇలా అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. "పరగడుపున వేసుకోండి" అని చెప్పి ఊరుకుంటే సరిపోదని నాకు ఆరోజే తెలిసింది. అందుకే ఇప్పుడు అందరినీ "దేంతో?" అని కూడా అడుగుతున్నాను.

ఈ మాత్రలో మందు చాలా కొంచెం. మిల్లీగ్రాములో పదో వంతు కూడా ఉండదు. ఆ కాస్తా పేగు గోడ దాటి రక్తంలో కలవాలి. టీ, కాఫీ, పాలు కడుపులో ఉంటే అందులో కొంత దాటలేక మలంతో పోతుంది. ఒక్కో మనిషిలో ఈ నష్టం ఒక్కో రకంగా ఉంటుంది. ఒకే మనిషిలోనూ చిక్కటి టీ తాగిన రోజు ఒకలా, పల్చగా తాగిన రోజు ఇంకోలా. అందుకే రిపోర్టు అంకెలు ఒకచోట నిలవవు.

ఆరోజు 100 మాత్ర ఇవ్వకుండా డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన 75నే ఉంచి, వేసుకునే పద్ధతి మార్చమన్నారు. నిద్ర లేవగానే గ్లాసెడు మంచినీళ్ళతో మాత్ర, ఆ తర్వాత అరగంట ఆగి, వీలైతే గంట ఆగి టీ. గొంతులో అడ్డం పడకుండా ముందు ఒక గుక్క నీళ్ళు తాగి, తర్వాత మాత్ర వేసుకోమన్నాను. ఈ మందు ప్రభావం ఒంట్లో తేలడానికి వారాలు పడుతుంది కాబట్టి వెంటనే పరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు. ఏడు వారాలకు చేయిస్తే టీఎస్‌హెచ్ 3 వచ్చింది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఆవిడ 100 మాత్ర టీతో కొన్నాళ్ళు వేసుకుని, తర్వాత ఎవరో చెబితే నీళ్ళతో మొదలుపెట్టారనుకోండి. అప్పుడు మందు మొత్తం ఒంటికి పట్టి ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం కనిపిస్తాయి. పెద్దవాళ్ళలో గుండె లయ కూడా తప్పవచ్చు. కాబట్టి ఏళ్ళ తరబడి టీతో వేసుకుంటున్నవాళ్ళు పద్ధతి మార్చేటప్పుడు డాక్టరుకు చెప్పే మార్చాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష చేయించాలి.

రంజాన్‌లో సహరీ వేళ ఇదే చిక్కు వస్తుంది. మాత్రలన్నీ ఒక గుప్పెట్లో పోసుకుని టీతో మింగేస్తారు. థైరాయిడ్ మాత్రకు లేవగానే నీళ్ళు, అరగంట తర్వాత భోజనం. అంత ముందు లేవలేకపోతే, రాత్రి ఆఖరిసారి తిన్న మూడు గంటలకు పడుకునే ముందు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. ఆ గుప్పెట్లో ఐరన్, కాల్షియం మాత్రలు ఉంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కు టీతో వేరే తగాదా ఉంది. టీలోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. రెండిటి మధ్య రెండు గంటలైనా ఉండాలి.

అలాగని అన్ని మాత్రలకూ టీ శత్రువు కాదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ లాంటివి టీతో వేసుకున్నా పని చేస్తాయి. ఈ మాట చెబితే సగం మంది ముఖాలు వెలిగిపోతాయి.

బీపీ మాత్రల్లో కొన్నిటికి పడనిది ఇంకొకటుంది, కొబ్బరి బోండాం. దీని లెక్క వేరు. టీ మందును ఒంటికి పట్టనివ్వదు. బోండాం మందుతో కలిసి ఒంట్లో పొటాషియం పెంచుతుంది. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ అనే మందులు పొటాషియాన్ని మూత్రంలో పోనివ్వకుండా ఆపుతాయి. ఒక బోండాం నీళ్ళలో అరగ్రాము పైనే పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు బాగుంటే ఎప్పుడో ఒకటి తాగినందుకు భయం లేదు. అవి దెబ్బతిన్నవాళ్ళకే ముప్పు.

మే నెలలో ఒక చాచాకు చలవ చేస్తుందని కొడుకు రోజూ నార్కెట్‌పల్లి రోడ్డు మీద నుంచి రెండు బోండాలు తెచ్చేవాడు. ప్రేమతోనే. చాచా గుండె కోసం టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ రెండూ వాడుతున్నారు. క్రియాటినిన్ అప్పటికే 1.8. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి "ఎండ దెబ్బ, ఓఆర్ఎస్ పొట్లం ఇవ్వు బేటా" అన్నారు. ఆ పొట్లంలోనూ పొటాషియం ఉంటుంది. నేను ఇవ్వకుండా ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి పంపాను. పొటాషియం 5.9. ఐదు దాటితేనే కనిపెట్టి ఉండాలి, ఆరుకు చేరితే గుండెకు ముప్పు. చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండానే పెరుగుతుంది. ఒళ్ళు తూలడం, కాళ్ళు బరువెక్కడం, నాడి నెమ్మదించడం కనిపించేసరికి ఆలస్యం కావచ్చు. ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, మందులు సర్దారు, బోండాలు ఆపించారు. వారానికి 4.8కి దిగింది.

ఇప్పుడు ఆ కొడుకు వేసవిలో బోండాం బదులు కుండలో నీళ్ళు పెడుతున్నాడు. చాచా నెలనెలా మందుల సంచి మొత్తం తెచ్చి నా బల్ల మీద బోర్లిస్తారు. మోకాళ్ళకని ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు పోయిన నెల అందులోనే దొరికాయి. అవీ మూత్రపిండాలను దెబ్బతీసేవే. వాటిని వెంటనే పక్కన పెట్టించి, డాక్టరు గారి దగ్గరికి పంపాను.