ముక్కు ముందు, లెక్క తర్వాత

బిడ్డా,

కోదాడలో నువ్వు చూసిన నలభై రోజుల పాప గురించి ఫోనులో చెప్పావు కదా. రాత్రంతా ఏడుస్తోంది, రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది, తల్లికి పాలు సరిపోవడం లేదని అత్తగారు డబ్బా పాలు మొదలుపెట్టమంటోంది. సూర్యాపేట చుట్టుపక్కల ఏఎన్‌ఎంగా తిరిగిన రోజుల్లో ఇదే మాట నేనెన్నో ఇళ్లల్లో విన్నాను. పాలు ఉన్నాయి, పాపకు ఊపిరే అందడం లేదు. మొదటి నెలల్లో పసిబిడ్డలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ఆ సన్నని దారిలో కాస్త చీమిడి ఎండినా చాలు, తాగుతూ ఊపిరి తీసుకోవడం వాళ్ల వల్ల కాదు.

పాలివ్వడానికి పదిహేను నిమిషాల ముందు సెలైన్ చుక్కల సీసాను అరచేతిలో కాసేపు పట్టుకో, చల్లదనం పోతుంది. పాపను వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో ముక్కురంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి ఒక నిమిషం ఆగు. చీమిడి మెత్తబడి బయటికొస్తే మెత్తని గుడ్డతో తుడువు. రాకపోతే రబ్బరు బల్బును బయటే నొక్కిపట్టి, కొనను రంధ్రం అంచున ఆనించి మెల్లగా వదులు. రోజుకు మూడు నాలుగుసార్లు మించితే లోపలి పొర వాచి ముక్కు ఇంకా బిగుసుకుంటుంది. దూదిపుల్ల లోపలికి పెట్టొద్దు.

మందుల షాపులో ఇచ్చిన సీసా మీద పేరు చదువు. సోడియం క్లోరైడ్ ఒక్కటే ఉండాలి. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ అని ఉంటే తిరిగిచ్చెయ్యి. అవి పసివాళ్లను మత్తులోకి దింపి ఊపిరిని మందగింపజేయగలవు. సీసాలు మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి!

ఇక అత్తగారి సంగతి. ఆమెతో వాదం పెట్టుకోకు. స్నానం తర్వాతి సాంబ్రాణి పొగను వాకిట్లోకి మార్చమను, గదిలో దోమల కాయిల్ బదులు దోమతెర కట్టమను. ముక్కులో నూనె చుక్క మాత్రం అసలు ఒప్పుకోకు, అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కర్పూరం, ఘాటు బామ్‌లూ వద్దు. ఆవిరి కోసం మరిగే నీళ్ల గిన్నె పక్కన పెట్టి బిడ్డ ఒళ్లు కాల్చిన ఇల్లు ఒకటి చూశాను, ఇప్పటికీ మరిచిపోలేదు. చలికాలంలో గాలి పొడిగా ఉంటే గదిలో తడి తువ్వాలు ఆరేస్తే చాలు. వానాకాలంలో అదీ అక్కర్లేదు, గోడలకు బూజు పడుతుంది. ముక్కు బిగిసిందని తల కింద దిండు పెడతారు, మెడ వంగి ఊపిరి ఇంకా కష్టమవుతుంది. వెల్లకిలా, చదునైన పరుపు మీదే పడుకోబెట్టాలి.

ముక్కు శుభ్రం చేశాక పాప నెమ్మదించినప్పుడు, బట్ట పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. రెండు నెలల లోపు బిడ్డకు అరవై, ఆ పైన ఏడాది లోపు బిడ్డకు యాభై, ఆ లెక్క వచ్చినా అంతకన్నా ఎక్కువున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా, రొమ్ము పట్టకపోయినా అది ముక్కు సంగతి కాదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా అంతే. చుక్కలు పక్కన పెట్టి 108కి ఫోను చెయ్యి.

రేపు వెళ్లినప్పుడు ఎంత లెక్క వచ్చిందో, చుక్కలు వేశాక ఎన్ని నిమిషాలు ఆగకుండా తాగిందో రాసుకో. రాత్రికి ఫోనులో చెప్పు.

నీ అమ్మమ్మ