రైటింగ్ శాంపిల్‌ను కన్సల్టెన్సీకి అప్పగించకండి

ఆర్ట్ హిస్టరీలో ఎం.ఏ. చేయాలనుకునే పిల్లలతో వచ్చే తల్లిదండ్రుల్లో ఈమధ్య ఒక ధీమా చూస్తున్నాను. 'వ్యాసం మావాడు రాస్తాడు. ఫుట్‌నోట్లు, రిఫరెన్సులు కన్సల్టెన్సీ వాళ్లు సర్దేస్తారు' అంటున్నారు. విదేశీ విశ్వవిద్యాలయాలు అడిగే రైటింగ్ శాంపిల్‌కు ప్యాకేజీల పేరుతో వేలకు వేలు కడుతున్నారు. ఈ పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. ఈ సబ్జెక్టులో ఒక శిల్పాన్ని సరిగ్గా ఉదహరించడం గుమాస్తా పని కాదు. విద్యార్థి ఆ వస్తువును చూశాడా, ఫొటో మాత్రమే చూశాడా అన్నది అక్కడే తేలిపోతుంది.

ముందుగా ఈ ఎం.ఏ.కు అర్హత సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఢిల్లీ జేఎన్‌యూలోనైనా, నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లోనైనా ఏ డిగ్రీ చదివినవారైనా ప్రయత్నించవచ్చు. మార్కుల నిబంధన నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఇక అసలు పనికి వద్దాం. మీరు అమరావతి స్తూపం మీద రాస్తున్నారనుకోండి. 'అమరావతి శిల్పం, బ్రిటిష్ మ్యూజియం' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. లండన్‌లో అలాంటివి వందకు పైగా ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఏ రాయో చెప్పేది మ్యూజియం నంబర్ ఒక్కటే. స్తూపం అండానికి కింద ఉండే గుండ్రటి పీఠానికి తాపడంగా వాడిన ఒక ఫలకం నంబర్ 1880,0709.79. ఇందులో మొదటి భాగం సంవత్సరం, తర్వాతది నెల, తేదీ, చివరిది వస్తువు వరస సంఖ్య. అంటే 1880 జులై 9 నాటి నమోదులో 79వది. అది చెక్కిన కాలమూ కాదు, తవ్విన కాలమూ కాదు. వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించింది 1845లో. ఆ రాళ్లు లండన్‌లోని ఇండియా మ్యూజియంలో కొంతకాలం ఉండి, తర్వాత బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఈ ఫలకంలో మరో చిక్కుంది. దీన్ని రెండు వైపులా చెక్కారు. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనాన్ని భక్తులు కొలుస్తుంటారు. అది క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. తర్వాత అదే రాయిని తిప్పి, రెండోవైపు పూర్తి స్తూపాన్ని చెక్కారు. అది క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. ఏ వైపో చెప్పకుండా కాలం రాస్తే మూడు నాలుగు వందల ఏళ్ల తేడా వస్తుంది. అందుకే చిత్రం కింద ఇలా రాయాలి:

చిత్రం 1. రెండువైపులా చెక్కిన పీఠ ఫలకం, స్తూపం ఉన్న వైపు. అమరావతి, క్రీ.శ. 3వ శతాబ్దం. సున్నపురాయి. బ్రిటిష్ మ్యూజియం, లండన్, 1880,0709.79.

శిల్పి పేరు తెలియనప్పుడు ఊహించి పెట్టకూడదు. వస్తువు వర్ణనతోనే మొదలుపెట్టాలి. వాన్ గో 'స్టారీ నైట్' లాంటి వాటికైతే చిత్రకారుడి పేరు, శీర్షిక, 1889, కాన్వాస్‌పై తైలవర్ణం, న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, 472.1941 అని వరసగా వస్తాయి.

ఫొటో ఎక్కడిదన్నది వేరే సంగతి. రాయి రెండువేల ఏళ్ల నాటిదే అయినా ఫొటో హక్కులు మ్యూజియానివి కావచ్చు. బ్రిటిష్ మ్యూజియం చాలా ఫొటోలను వాణిజ్యేతర వినియోగానికి, తన పేరు చెప్పాలన్న షరతుతో ఇస్తుంది. క్లాసు పేపర్‌కు అది చాలు, అమ్మే పుస్తకానికి చాలదు. చిత్రం కింద 'పింటరెస్ట్' అని రాసినవాళ్లకు ఈ తేడా తెలియదని పరీక్షకుడు ఇట్టే పట్టేస్తాడు.

కన్సల్టెన్సీ సరుకు దొరికిపోయేదీ ఇక్కడే. వెబ్ చిరునామా ఇస్తే రిఫరెన్సు తయారుచేసే ఉపకరణాలు చాలాసార్లు మ్యూజియాన్ని రచయితగా, మీరు పేజీ తెరిచిన రోజును తేదీగా చూపిస్తాయి. ఉచితంగా దొరికే జొటెరోలోనూ ఆ పేజీ 'Web Page'గా చేరితే, దాన్ని 'Artwork'గా మార్చి, మాధ్యమం, కొలతలు, నంబర్ మీరే నింపాలి. అచ్చు కేటలాగ్‌లోని వరస సంఖ్యను మ్యూజియం నంబర్‌గా దించేయడం ఇంకో పొరపాటు. అవి రెండూ వేర్వేరు. పైగా షికాగో శైలిలో కళాఖండం వివరాలు సాధారణంగా వ్యాసంలోనో ఫుట్‌నోట్‌లోనో వస్తే చాలు. ఎంఎల్ఏ శైలిలో చివరి జాబితాలోనూ ఉండాలి. మీ విభాగం ఏది అడుగుతుందో ముందే కనుక్కోండి.

అమ్మానాన్నలకు నా సలహా ఒక్కటే. ఆ ప్యాకేజీ డబ్బులో కొంత పెట్టి మీ అమ్మాయినో అబ్బాయినో ఎగ్మూరుకో, అమరావతిలోని పురావస్తు మ్యూజియానికో పంపండి. ఒక రాయి ముందు నిలబడి, చుట్టూ తిరిగి చూసి, పైన చిత్రం కింద రాసినలాంటి వివరాలు రాసుకురమ్మనండి. రాయడానికి ఆసక్తి పుడితే ఈ చదువు వాళ్లకు సరిపోతుంది. విసుగు పుడితే లక్షలు కట్టకముందే ఆ సంగతి తెలుస్తుంది.