తిథి యేల లోపించును? ఏల రెండు దినములు నిలుచును?

క్రోధి నామ సంవత్సరము (2024) ఆశ్వయుజ బహుళ పక్షమునకు దృక్పంచాంగమును తెరచి చూచినవారికి ఒక చిత్రము కనబడియుండును. అక్టోబరు 20వ తేదీ ఆదివారమునాడు హైదరాబాదులో సూర్యోదయమునకు తదియ. మరునాడు సోమవారము సూర్యోదయమునకు పంచమి. నడుమ చవితి యేమైనది? మరల అదే పక్షమున 27వ తేదీ ఉదయమున ఏకాదశి, 28వ తేదీ ఉదయమునను ఏకాదశియే. పదునైదు దినముల లోపల ఒక తిథి మాయమైనది, వేరొకటి రెండు మారులు వచ్చినది. ఇది పంచాంగకర్తల పొరపాటనుకొనువారు కొందరు గలరు. పొరపాటేమియు లేదు. ఈ యొక్క పక్షమును జాగ్రత్తగా పరిశీలించినచో తిథి క్షయవృద్ధుల రహస్యమంతయు తేటపడును గనుక దీనినే ఉదాహరణముగా గైకొందము.

మొదట తిథి యన నేమో స్మరింపవలెను. అమావాస్యాంతమున సూర్యచంద్రులు ఒకే స్ఫుటమున నుందురు. అటుపిమ్మట చంద్రుడు సూర్యుని దాటి తూర్పునకు సాగును. వారిరువురి నడుమ దూరము 12 అంశలైనపుడు పాడ్యమి ముగియును, 24 అంశలైనపుడు విదియ ముగియును. ఇట్లు 360 అంశలకు ముప్పది తిథులు. కావున తిథి ఆకాశమునందలి యొక దూరమే గాని గడియారమునందలి కాలము గాదు. అది పగలనక రేయనక ఎప్పుడైనను మొదలై ఎప్పుడైనను ముగియును. దినమన్ననో మనకు సూర్యోదయము మొదలు సూర్యోదయము వరకు. ఈ రెండు కొలతలును ఒకదాని నొకటి యెరుగవు. ఉదయకాలమున నున్న తిథి పేరునే ఆ దినమున కిడుట వ్యవహార సౌకర్యమునకై మన మేర్పరచుకొన్న కట్టుబాటు. చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

చంద్రుడు సమవేగమున నడచినచో ఒక్కొక్క తిథి సుమారు 23 గంటల 37 నిమిషములుండెడిది. అనగా 59 ఘడియలకు కొంచె మెక్కువ. అప్పుడు తిథి ముగియు వేళ దినమునకు 22, 23 నిమిషముల చొప్పున వెనుకకు జరుగుచు, సుమారు 64 తిథుల కొకసారి ఒక తిథి లోపించెడిది, వృద్ధి యన్నది యుండెడిది కాదు. కాని చంద్రుని కక్ష్య దీర్ఘవృత్తము. భూమికి చేరువైనపుడు అతడు దినమునకు 15 అంశలకు పైగా నడచును. దూరమైనపుడు 12 అంశలైనను పూర్తిగా నడువడు. అందుచే తిథి ఒకప్పుడు 20 గంటలకే ముగియును, ఒకప్పుడు 26 గంటల ముప్పాతిక వరకు సాగును. సూర్యసిద్ధాంత గణితమును బట్టి పెద్దలు ‘బాణవృద్ధి రసక్షయ’ మనిరి. బాణములు అయిదు, రసములు ఆరు. అనగా 60 ఘడియలకు అయిదు హెచ్చును, ఆరు తగ్గును. దృగ్గణితము ననుసరించువారు ఏడు హెచ్చు, పది తగ్గు అందురు.

ఇక మన ఉదాహరణమునకు వత్తము. ఆ యేడు అక్టోబరు 17న పూర్ణిమ. ఆనాడే చంద్రుడు భూమికి మిక్కిలి చేరువగా, సుమారు 3 లక్షల 57 వేల కిలోమీటర్ల దూరమున నుండెను. కావున బహుళ పక్షము మొదటి తిథులన్నియు పొట్టివి. పూర్ణిమ 17న సాయంత్రము 4-55కు ముగిసినది. పాడ్యమి 18న పగలు 1-15కును, విదియ 19న ఉదయము 9-48కిని, తదియ 20న ఉదయము 6-46కును ముగిసినవి. ముగియు వేళ దినదినమును మూడేసి గంటలకు పైగా వెనుకకు జరుగుచున్నదని పాఠకులు గమనింతురు గాక. ఆనాడు హైదరాబాదులో సూర్యోదయము సుమారు 6-11కు. అప్పటి కింకను తదియ 35 నిమిషములున్నది గనుక ఆ దినము తదియ పేరిట లెక్కకు వచ్చినది. 6-46కు మొదలైన చవితి 21 గంటల 30 నిమిషములు నిలిచి, 21వ తేదీ తెల్లవారుజామున 4-16కు, అనగా రెండవ సూర్యోదయమునకు రెండు గంటల ముందుగనే, ముగిసిపోయినది. ఒక్క సూర్యోదయమునైనను అది తాకలేదు. ఇదియే క్షయతిథి.

అటుపిమ్మట చంద్రుడు భూమికి దూరమగుచు మందగించెను. తిథ్యంతము వెనుకకు జరుగుట తగ్గి, సప్తమి ముగియునాటికి (24వ తేదీ తెల్లవారుటకు ముందు 1-18) దాదాపు నిలిచిపోయి, అష్టమి నుండి ముందునకు జరుగ నారంభించెను. దశమి 27న తెల్లవారుజామున 5-23కు ముగిసినది. సూర్యోదయము 6-13కు. అప్పటికే ఏకాదశి వచ్చియున్నది. ఆ యేకాదశి 26 గంటల 27 నిమిషములు సాగి, 28వ తేదీ సూర్యోదయమును గూడ దాటి 7-50 వరకు నిలిచినది. రెండు ఉదయములను తాకినది గనుక వృద్ధి తిథి. దీనినే శాస్త్రకారులు మూడు దినములను స్పృశించునది యను నర్థమున ‘త్రిద్యుస్పృక్’ అందురు. 27వ తేదీ సూర్యోదయమునకు ముందటి కొద్ది సేపు 26వ దినమునకే చెందునుగదా! 

దీనిని బట్టి తెలియదగిన దేమనగా, తిథ్యంతమను గుర్తు సూర్యోదయ రేఖను వెనుకకు దాటినపుడు క్షయము, ముందునకు దాటినపుడు వృద్ధి. తిథి పొట్టిదైనంత మాత్రమున లోపింపదు, పొడుగైనంత మాత్రమున రెండు మారులు రాదు. పైన చెప్పిన పాడ్యమి 20 గంటల 20 నిమిషములే యున్నది, చవితికంటెను పొట్టిది. అయినను ఒక సూర్యోదయమును తాకినది గనుక లోపింపలేదు. లోపించిన చవితియు ఆకాశమునుండి పోలేదు. 20వ తేదీ రాత్రి చంద్రోదయమునకు ఉన్నది చవితియే. కావుననే సంకష్టహర చతుర్థియు, ఉత్తరదేశమున స్త్రీలు చేయు కరక చతుర్థియు ఆనాడే జరిగినవి. పేరు తదియది, వ్రతము చవితిది!

సూర్యోదయము ఊరూరికిని వేరని మరువరాదు. తదియ ముగిసిన 6-46 దేశమంతటికిని ఒక్కటే క్షణము. కాని పశ్చిమతీరమున ద్వారకలో ఆనాడు సూర్యోదయము సుమారు 6-52కు. అప్పటికి చవితి ప్రవేశించి ఆరు నిమిషములైనది. కావున హైదరాబాదులో క్షయమైన చవితి ద్వారకలో క్షయము గాదు. అచ్చట 20వ తేదీ చవితియే, లోపించినది తదియ. ఏలయన 19వ తేదీ ఉదయము 9-48కు వచ్చిన తదియ ద్వారకలో ఏ సూర్యోదయమును తాకకయే పోయినది. ఒక యూరి పంచాంగమును వేరొక యూర యథాతథముగ వాడినచో వచ్చు ప్రమాద మిట్టిది.

ఇక పండుగల మాట. ఉదయతిథియే అన్నిటికిని ప్రమాణమైనచో వివాదమే యుండదు. కాని ధర్మశాస్త్రము ఒక్కొక్క వ్రతమునకు ఒక్కొక్క కర్మకాలమును నియమించినది. శ్రీరామనవమికిని వినాయక చవితికిని మధ్యాహ్నము, శివరాత్రికి నిశీథము, దీపావళికి ప్రదోషము. ఆ వేళ ఆ తిథి యున్న దినమే పండుగ. ఏకాదశికి మాత్రము ఉదయము ముఖ్యము, అరుణోదయము మరింత ముఖ్యము. పైని ఏకాదశినే చూడుడు. సూర్యోదయమునకు నాలుగు ఘడియల ముందు అరుణోదయము. 27న అది సుమారు 4-37కు. అప్పటికి దశమి యింకను 5-23 వరకు మిగిలియున్నది. ఇట్టి ఏకాదశిని దశమీవిద్ధ యని వైష్ణవులు విడుతురు. 28న విద్ధదోషము లేదు గనుక రమైకాదశీ ఉపవాసము ఆనాడు జరిగినది.

ఆ పక్షాంతమున దీపావళి మరింత వివాదమునకు గురియైనది. చంద్రుడు 29, 30 తేదీల నడిమి రాత్రి భూమికి మిక్కిలి దూరముగా నుండుటచే చివరి తిథులన్నియు దీర్ఘములు. చతుర్దశి 30న పగలు 1-15 నుండి 31న పగలు 3-52 వరకు. అమావాస్య అప్పటినుండి నవంబరు 1వ తేదీ సాయంత్రము 6-16 వరకు, అనగా 26 గంటల 24 నిమిషములు. సూర్యోదయము ననుసరించినచో అమావాస్య నవంబరు 1వ తేదీది మాత్రమే. ఇంత దీర్ఘమయ్యును అది వృద్ధి తిథి కాలేదు, తాకినది ఒక్క ఉదయమునే. కాని అది తాకిన సూర్యాస్తమయములు రెండు! 31న హైదరాబాదులో సూర్యాస్తమయము 5-45 ప్రాంతమున. నాటి ప్రదోషమంతయు, రాత్రియంతయు అమావాస్యయే. 1వ తేదీ ప్రదోషమున సుమారు 32 నిమిషములు మాత్రమే మిగిలినది.

రెండు దినములను ప్రదోషవ్యాప్తి యున్నపుడు, రెండవనాడు అస్తమయము తరువాత ఒక ఘడియ (24 నిమిషములు) కంటె నెక్కువ యున్నచో పరదినమే గ్రాహ్యమని ధర్మసింధువు ననుసరించువారు వాదించిరి. పూర్ణప్రదోషమును, రాత్రివ్యాప్తియు గల 31వ తేదీయే మేలని తక్కినవారు. తెలుగునాట 31న దీపావళి జరిగినది. మహారాష్ట్రమున లక్ష్మీపూజ 1న జరిగినది. ఇందు గణితభేద మేమియు లేదు. ఇరువురును అంగీకరించిన తిథ్యంత మొక్కటే, నిర్ణయసూత్రములే వేరు. మనవారికి నరకచతుర్దశియు దీపావళియు ఒకే తేదీన వచ్చుట చూచి చతుర్దశియో అమావాస్యయో లోపించినదని భ్రమించినవారు కలరు. ఏదియు లోపింపలేదు. అభ్యంగనము తెల్లవారుజాము కర్మము, దీపములు సంధ్యాకర్మము. 31వ తేదీ తెల్లవారుజామున చతుర్దశి, సంధ్యవేళ అమావాస్య.

గణితభేదముచే వచ్చు తేడాలు వేరు. సూర్యసిద్ధాంతము చంద్రునికి ఒక్క మందఫలమునే, సుమారు 5 అంశల గరిష్ఠ పరిమితితో సంస్కరించును. సూర్యుని యాకర్షణచే చంద్రగతియందు గలుగు ఇతర వికారము లందు చేరవు. ఆ లెక్క పూర్ణిమామావాస్యలయందు చక్కగా నప్పును, గ్రహణములచే సరిచూచిన లెక్కగదా! అష్టమీ ప్రాంతమున మాత్రము తిథ్యంతమును కొన్ని ఘడియలు తప్పించును. మేఘనాద సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము దృగ్గణితమును సిఫారసు చేయగా, 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగము అమలునకు వచ్చినది. అయినను పూర్వగణితము ననుసరించు పంచాంగములు నేటికిని గలవు. మీ యింట రెండు పంచాంగములు తిథి విషయమున విభేదించినచో, మొదట వాని తిథ్యంత ఘడియలను పోల్చి చూడుడు. అవి భిన్నమైనచో భేదము గణితమునది. అవి యొక్కటై పండుగ తేదీలు మాత్రము వేరైనచో, ఆ పండుగకు ఏ కర్మకాలమును గైకొనిరో, ఏ యూరి ఉదయాస్తమయములను బట్టి లెక్కించిరో పీఠికలో చూడవలెను.