ముందు టేపును కొలవండి

దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఉంటుంది మా అక్క వాళ్ల ఊరు. మేనల్లుడికి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కావాలని పట్టుదల. 2017లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చిన నోటిఫికేషన్‌లో మగవాళ్లకు ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు ఛాతీ 79 సెంటీమీటర్లకు తగ్గకూడదు, నిండా పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్లు పెరగాలి. వాడు తనకు తానే కొలుచుకుని కాగితం తెచ్చాడు: వదిలితే 77, పీలిస్తే 84. "ఛాతీ చాలట్లేదు మామయ్యా, కానీ ఏడు పెరుగుతోంది" అన్నాడు. అటు దిగులు, ఇటు సంబరం. రెండూ అనవసరమే.

ముందు టేపు తెమ్మన్నాను. అక్క పెళ్లప్పుడు కుట్టుమిషన్‌తో వచ్చిన గుడ్డ టేపు అది. బల్ల మీద పరిచి పక్కన స్కూలు పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టాం. స్కేలు 30 దగ్గర ఆగితే టేపు మీద 29.5 కనిపించింది. ఏళ్ల తరబడి లాగీ లాగీ సాగిపోయింది. సాగిన టేపు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. 80 ఉన్న ఛాతీ దాని మీద 79 లోపే తేలుతుంది. ఇలాంటి దాన్ని పారేయడమే మేలు. ఫైబర్ టేపు అంత తేలిగ్గా సాగదు. కొత్తది తెచ్చినా సున్నా ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. సాధారణంగా కొసనున్న రేకు అంచే సున్నా.

కొత్త టేపుతో రెండోసారి నేనే కొలిచాను. ఛాతీని తనకు తాను కొలుచుకోవడం దాదాపు కుదరని పని. వీపు మీద టేపు జారిపోతే తెలియదు, పైగా చేతులు ఎత్తితే భుజాలతో పాటు ఛాతీ కూడా లేస్తుంది. చొక్కా విప్పి, చేతులు కాస్త ఎత్తి టేపు చుట్టించుకుని, తర్వాత చేతులు దించేయాలి. టేపు ముందు చనుమొనల మీదుగా, వెనక రెక్క ఎముకల కింది కొసల దగ్గరగా, నేలకు సమాంతరంగా ఉండాలి. ఆడవాళ్లయితే రోజూ వేసుకునే లోదుస్తుల మీదే, ఛాతీ నిండుగా ఉన్నచోట, మామూలు ఊపిరితో కొలవాలి. టేపు ఒంటిని తాకాలి, నొక్కకూడదు. తీశాక చర్మం మీద గీత పడితే బిగించినట్టే.

మావాడికి వదిలినప్పుడు 80, పీల్చినప్పుడు 84.5 వచ్చింది. మళ్లీ కొలిచినా అంతే. అంటే 79 గడప దాటాడు, పెరుగుదల మాత్రం అర సెంటీమీటరు తక్కువ. వాడి ఏడు ఎక్కడిదంటారా? ఊపిరి వదిలినప్పుడు టేపును బిగించాడు, పీల్చినప్పుడు వదులు చేశాడు. తెలియకుండానే కావాల్సిన అంకె వైపు చెయ్యి లాగింది.

ఇక వాడి చెల్లెలు. నడుము 82, తుంటి 94 అని రాసి భద్రాచలంలోని టైలర్‌కు పంపింది. కుర్తా నడుము దగ్గర సంచిలా వేలాడింది. పాపం, టైలర్ తప్పేం లేదు. చాలామంది ఆడవాళ్లలాగే తనూ పైజామా బొందు కట్టుకునే చోటు కొలిచింది. అది నడుము కాదు, దానికి కింద. పక్కన చెయ్యి పెట్టి చిట్టచివరి పక్కటెముకను, తుంటి ఎముక పైఅంచును వెతకండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. అలా కొలిస్తే ఆ పిల్ల నడుము 76. తుంటికి, అంటే టైలర్లు సీటు అనేదానికి, కాళ్లు దగ్గర పెట్టి, జేబులు ఖాళీ చేసి, పిరుదులు అన్నిటికంటే వెడల్పున్న చోట కొలవాలి. అక్కడ 94 సరిగ్గానే ఉంది.

ఆరు సెంటీమీటర్ల తేడా బట్టతో పోయేది కాదు. నడుమును తుంటితో భాగించి చూస్తారు డాక్టర్లు. ఆ లెక్క ఆడవాళ్లకు 0.85, మగవాళ్లకు 0.90 చేరితే గుండెజబ్బు, షుగర్ ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. తప్పు నడుముతో ఈ అమ్మాయికి 0.87 వస్తుంది, సరైన నడుముతో 0.81. ఆరోగ్యంగా ఉన్న పిల్ల బొందు చోటు వల్ల రోగుల జాబితాలో చేరేది!

ప్రతి కొలతా రెండుసార్లు తీయండి. రెంటికీ తేడా ఒక సెంటీమీటరు లోపుంటే సగటు రాసుకోండి, దాటితే రెండూ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. రెండోసారి కొలిచేటప్పుడు మొదటి అంకె చూడొద్దు. అంకె పక్కన సెంటీమీటర్లో అంగుళాలో రాయండి. టేపు తిరగబడితే 79 కాస్తా 31 అవుతుంది.

మేనల్లుడు ఇప్పుడు నెలకోసారి, ఒకే వేళకు, చెల్లెలి చేత కొలిపించుకుంటున్నాడు. పోయిన నెల పీల్చినప్పుడు 84.7. కొత్త నోటిఫికేషన్ వస్తే అందులోని కొలతలే ప్రమాణం, 2017వి కావు. మీ ఇంట్లో పాత టేపు ఉంటే ఈ రాత్రే దాన్ని స్కేలు పక్కన పరిచి చూడండి.