బాపు సంవత్సరీకం: తారీఖునా, తిథినా?

సమస్య

మా పుట్టిల్లు జనగామ, నన్ను మహబూబాబాద్‌కు ఇచ్చిండ్రు. బాపు పోయిన ఏడాది జూలై 10న, గురుపౌర్ణమి నాడు పోయిండు. డెబ్బై నాలుగేళ్లు. జనగామ డిపోలో ఆర్టీసీ డ్రైవరు చేసి రిటైరైండు. అన్న జనగామ ఇంట్లనే ఉంటడు. తమ్ముడు భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు.

సంవత్సరీకం దగ్గరపడ్డది. చుట్టాలకు, బాపు దోస్తులకు పంపుదామని అన్న ఫ్లెక్సీల దుకాణంలో కార్డు చేయించి ఇంటి గ్రూపుల పెట్టిండు. "మా తండ్రిగారి అకాల మరణం మాకు తీరని లోటు. వారి ఆశయ సాధనే మా ధ్యేయం. జూలై 10న ప్రథమ వర్ధంతి. ఉదయం కాళేశ్వరంలో పిండ ప్రదానం, మధ్యాహ్నం జనగామలో భోజనం. ఇట్లు భార్య, కుమారులు, కోడళ్లు, మనుమలు" అని ఉన్నది. నా పేరు లేదు. అడిగితే "ఇచ్చిన పిల్ల పేరు మన కార్డుల వేస్తరా" అన్నడు. తిథి జూలై చివర్ల వస్తది, పదో తారీఖు తప్పని తమ్ముడు అంటున్నడు. అన్న బిడ్డకు సంబంధం కుదిరేటట్టున్నది, మగపెళ్లివాళ్లు ఏడాది ఎప్పుడు దాటుతదని అడుగుతున్నరు. అందుకే అన్నకు తొందర. మేనమామేమో "మెసేజ్ పెడితే వస్తమా" అని అలిగిండు. అమ్మ ఒక్కటే అన్నది: "ఆయన డ్రైవరని రాయలేదేంది?" చివరికి అందరూ కలిసి నన్నే మళ్లీ రాయమంటున్నరు. ఎట్ల రాయాలె?

– ఒక చెల్లె, మహబూబాబాద్

సలహా

ముందు తారీఖు సంగతి తేల్చుకుందామమ్మా, అది తేలకుండా రాసినా లాభం లేదు. మీ తమ్ముడు చెప్పిందే నిజం. పన్నెండు చాంద్రమాన నెలలు కలిస్తే 354 రోజులే అవుతాయి కాబట్టి మామూలుగా తిథి మరుసటి ఏడాది పదకొండు రోజులు ముందుకు వస్తుంది. ఈసారి అట్లా కాలేదు. 2026 మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది, ఒక నెల ఎక్కువైంది. అందుకని ఈ జూలై 10 ఇంకా నిజ జ్యేష్ఠ బహుళంలోనే ఉంది. బాపు పోయిన ఆషాఢ పౌర్ణమి జూలై 29, బుధవారం నాడు వస్తుంది. పౌర్ణమి 28 సాయంత్రమే తగులుతుంది గనుక ఎవరైనా 28 అంటారేమో. ఈ కార్యానికి మధ్యాహ్నం దాటిన వేళ తిథి ఉండాలి, అది 29నే ఉంది. మీ పురోహితుడిని ఒకమాట అడగండి. అధిక మాసంలో ఒక మాసికం ఎక్కువ పెట్టాలంటారు, అది పెట్టారో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

మరి పదో తారీఖు? అది చుట్టాలది కాదు, దోస్తులది. డిపోలో బాపుతో పనిచేసినవాళ్లు తిథి చూసుకోరు, తారీఖే గుర్తుపెట్టుకుంటారు. మీ అన్న కార్డు చెడిపోయింది ఇక్కడే. పిలుపునూ యాదినీ ఒకే కాగితంలో పెట్టాడు. రెండుగా విడదీయండి. దోస్తులకు పదో తారీఖు పొద్దున ఒక మాట పంపండి, అందులో భోజనం ఊసు వద్దు. చుట్టాలకు 29వ తేదీ పిలుపు వేరుగా వెళ్లాలి.

కాళేశ్వరం సంగతి కూడా చూడండి. నదుల సంగమంలో పిండం పెట్టాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, అక్కడ గోదావరిలో ప్రాణహిత కలుస్తుంది. కాని జనగామ నుంచి హన్మకొండ, భూపాలపల్లి మీదుగా అక్కడికి పోవడానికే మూడు గంటలు పైన పడుతుంది, అదీ వానాకాలం. పొద్దున అక్కడ పిండాలు పెట్టి మధ్యాహ్నం ఇక్కడ వడ్డిస్తామని రాస్తే, ఇంటిల్లిపాదీ తోవలో ఉంటారు, చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చుంటారు. 29న కార్యం, భోజనం జనగామ ఇంట్లోనే పెట్టుకోండి. కాళేశ్వరానికి ఇంకో రోజు ముగ్గురూ అమ్మను తీసుకుపోండి. అది కార్డులో రాయాల్సిన పని లేదు.

ఇక మాటలు. డెబ్బై నాలుగేళ్ల మనిషిది "అకాల మరణం" ఎట్లా అవుతుంది? "ఆశయ సాధన" నాయకుల ఫ్లెక్సీల మీది మాట. దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడు ఎవరికైనా అదే అతికిస్తాడు, పేరూ ఫొటో మారతాయి అంతే. మీ అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటి చాలు, ఆ కార్డు బాపుది కాదని తెలియడానికి. దోస్తులకు పంపేదాన్ని ఇట్లా మొదలుపెట్టి చూడండి, వివరాలు మీ ఇంట్లో జరిగినదాన్ని బట్టి మార్చుకోండి:

"జనగామ డిపో డ్రైవరు, మా బాపు (ఇక్కడ పేరు) పోయి ఈ రోజుకు ఏడాది. ఆస్పత్రిలో రాత్రిళ్లు తోడున్నవాళ్లను, ఆ రోజు ఇంటికి అన్నం వండి తెచ్చినవాళ్లను, దినాలు అయ్యేదాకా అమ్మ దగ్గర కూర్చున్నవాళ్లను మేం మరిచిపోలేదు. ఆయనతో డ్యూటీ చేసిన యాదులేమైనా ఉంటే అమ్మకు ఫోన్ చేసి చెప్పండి. వినాలని ఆమెకు ఉన్నది."

సాయం చేసినవాళ్లను పేరుపేరునా రాయకండి. పది పేర్లు రాస్తే పదకొండోవాళ్లు కార్డు రెండుసార్లు చదివి ఫోన్ పక్కన పెడతారు. చేసిన పని చెబితే చేసినవాళ్లకు అది తమ గురించేనని తెలుస్తుంది. ఫొటోకు పాస్‌పోర్టు సైజుది పెద్దది చేసి దండ అతికించిందో, ఆఖరు నెలల్లోదో వద్దు. ఖాకీ బట్టల్లో ఉన్నది దొరికితే అదే పెట్టండి.

చుట్టాల పిలుపు మాత్రం పొడిగా ఉండాలి:

"ఆషాఢ పౌర్ణమి, జూలై 29 బుధవారం, జనగామలో మా ఇంట్లో బాపు సంవత్సరీకం. కార్యం పదకొండు గంటలకు, ఆ తర్వాత భోజనం. తప్పక రావాలె."

కింద అమ్మ పేరు మొదట. ఆ తర్వాత పుట్టిన వరుసలో: కొడుకు-కోడలు, జనగామ, బిడ్డ-అల్లుడు, మహబూబాబాద్, కొడుకు-కోడలు, భూపాలపల్లి. ఊరి పేర్లుంటే దూరపు చుట్టాలకు ఎవరు ఎవరో ఇట్టే తెలుస్తుంది. మీ పేరు వేయాలా వద్దా అని మళ్లీ అడగకండి, రాసేది మీరే కదా, వేసేయండి. మీ అన్న ఏమైనా అంటే అమ్మను చదివి వినిపించమనండి. కార్డు రాయమని ఆడబిడ్డనే అడిగిన ఇల్లు అదే కార్డులో ఆమెను ఎందుకు వదిలేయాలో నాకైతే అర్థం కాలేదు.

మీ మేనమామ కోపంలో న్యాయం ఉంది. మెసేజ్ ఎప్పుడూ పిలుపు తర్వాతే పోవాలి. పాలోళ్లకు, అమ్మ పుట్టింటివాళ్లకు, వియ్యంకులకు పదిహేను రోజుల ముందే ఫోన్లు చేయండి. మేనమామ ఇంటికి మాత్రం మీ అన్న స్వయంగా పోవాలి. అందరికీ చెప్పాకే గ్రూపులో కార్డు పెట్టండి. అప్పుడది టైమూ తారీఖూ గుర్తుండటానికి పనికొస్తుంది. 29 బుధవారం కాబట్టి తమ్ముడు గనిలో సెలవుకు ఇప్పుడే పెట్టుకోవాలి.

మగపెళ్లివాళ్లకు మీ అన్న చెప్పాల్సిన తారీఖు కూడా 29నే. పదో తారీఖుకే ఏడాది దాటిందని చెబితే, రేపు వాళ్ల పురోహితుడు పంచాంగం తీసి అడిగినప్పుడు ఇబ్బంది. తొందరపడి వచ్చేదీ లేదు, ఎట్లాగూ ఆషాఢంలో మనవాళ్లు ముహూర్తాలు పెట్టుకోరు. శ్రావణం ఆగస్టు 13న మొదలవుతుంది, మాట్లాడుకోవడానికి రెండు వారాలు చేతిలో ఉంటాయి.