ఆర్‌టీజీఎస్ ఎందుకు తిరిగొచ్చింది?

ప్రశ్న: మిర్యాలగూడలో వరికోత మిషన్ కొనడానికి ఆర్‌టీజీఎస్‌లో మొదట 1,95,000 పంపబోతే తీసుకోలేదు. తర్వాత అమ్మినవారి పాత పాస్‌బుక్‌లోని ANDB కోడ్‌తో 2,10,000కు ఫారం రాసిస్తే అదీ వెనక్కి వచ్చింది. తప్పెక్కడ?
– ఒక రైతు, నిడమనూరు

జవాబు: రెండుసార్లకూ కారణాలు వేరు. ఆర్‌టీజీఎస్‌లో కనీస మొత్తం 2 లక్షలు. అంతకు తక్కువైతే నెఫ్ట్‌లో పంపండి, దానికి కనీస పరిమితి లేదు.

రెండోసారి మీరు పాత పాస్‌బుక్ చూసి ANDBతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాశారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇప్పుడు ఆ శాఖల కోడ్ UBINతో మొదలవుతుంది. మొదటి నాలుగు అక్షరాలు మార్చితే సరిపోదు, వెనక అంకెలు కూడా మారాయి. అమ్మినవారి కొత్త చెక్కు చూసి మొత్తం 11 అక్షరాలూ రాసుకోండి. అయిదోది సున్నా, 'ఓ' అక్షరం కాదు.

ఖాతా నంబరు మాత్రం రెండుసార్లు సరిచూడండి. డబ్బు జమయ్యేది పేరును బట్టి కాదు, నంబరును బట్టే. ఆ నంబరు మరొకరిదైతే డబ్బు వారికి చేరిపోతుంది, రాబట్టడం కష్టం. అందుకే పంపేముందు ఖాతాదారు పేరు చూపించమని బ్యాంకులో అడగండి. ఆ సౌకర్యం ఇప్పుడుంది.

అవతలి బ్యాంకు జమ చేయలేకపోతే సాధారణంగా గంటలోపే తిప్పి పంపాలి. రాకపోతే రసీదు మీది యూటీఆర్ నంబరుతో మీ శాఖలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.