అత్తయ్యని అడిగారా?

మాది గురజాల దగ్గర పల్లె. మా అత్తయ్య వంటలు చేస్తుంటే నేను ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. గోంగూర పచ్చడి, పండుమిరపకాయ పచ్చడి వీడియోలు బాగా పోయాయి. ఇప్పుడు 14 వేల మంది సబ్‌స్క్రైబర్లున్నారు. ఇక డబ్బు కట్టే మెంబర్‌షిప్ పెడదామని మా మరిది మూడు లెవెల్స్ రాశాడు. 59 రూపాయలకి బ్యాడ్జీ, ఎమోజీలు. 199కి పచ్చళ్ళ వీడియోలన్నీ మెంబర్లకే, నెలనెలా లక్కీ డిప్‌లో రెండు కిలోల కారం. 799కి నెలకోసారి అత్తయ్యతో వీడియో కాల్. ఈ సంగతి అత్తయ్యకి ఇంకా చెప్పలేదు, ఒప్పుకుంటుందిలే అంటున్నారు. డబ్బు పడే ఖాతా మరిది పేరు మీదే ఉంది. ఇందులో జనం దేనికి డబ్బు కడతారో చెప్పండి.
— ఓ కోడలు

అమ్మాయ్, ఉత్తరమంతా చదివి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "అత్తయ్యకి ఇంకా చెప్పలేదు" అన్నావే, అక్కడ. 799 రూపాయలకి మీరు అమ్మబోయేది ఆవిడ సాయంత్రాలు. పదిమంది చేరితే మనిషికి ఇరవై నిమిషాల చొప్పున నెలకి మూడు గంటలకి పైనే. ఎవరో తెలియని మనిషి ఫోన్‌లో కనిపిస్తే, మోకాళ్ళ నొప్పి ఉన్నా, ఇంట్లో చుట్టాలున్నా నవ్వుతూ కూర్చోవాలి. ఒక నెల ఆవిడ రానంటే డబ్బు కట్టినవాడు ఊరుకుంటాడా? కింద కామెంట్లలో పడే తిట్లు ఆవిడ పేరు మీదే. మన ఇళ్ళల్లో ఇదొక జబ్బు. పెద్దావిడ చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకుంటాం. ఆ చేతికి పని చెప్పేటప్పుడు మాత్రం మనిషిని అడగం. పెళ్ళిళ్ళకి పచ్చళ్ళు ఆవిడే పట్టాలి, అమెరికా వెళ్ళేవాళ్ళకి పొడులు ఆవిడే కొట్టాలి. ఇప్పుడిది కొత్త చాకిరీ.

మిగతావి తొందరగా తేల్చేస్తాను. లక్కీ డిప్ యూట్యూబ్ నిబంధనలే ఒప్పుకోవు, తీసెయ్యి. ఇన్నాళ్ళూ ఊరికే చూసిన పచ్చళ్ళ వీడియోలకి తాళం వేస్తే పాతవాళ్ళకి కోపం వస్తుంది, కొత్తవాళ్ళు మిమ్మల్ని కనుక్కునే దారీ మూసుకుపోతుంది. బ్యాడ్జీలు, ఎమోజీలు ఉండనీ, ఖర్చులేనివి. కానీ వాటికోసమే ఎవరూ చేరరు.

ఎందుకు చేరతారో తెలియాలంటే పచ్చడి వీడియోల కింద కామెంట్లు చదువు. నా అనుమానం, సగం మంది కొలతలే అడుగుతుంటారు. మీ అత్తయ్య "ఉప్పు తగినంత" అంటుంది, డల్లాస్‌లో ఉన్న పిల్లకి ఆ తగినంత ఎంతో తెలీదు. కిలో పండుమిరపకాయలకి పావుకిలో చింతపండు సరిపోతుందా, కాయలు ఎంతసేపు ఆరాలి, తడి ఉంటే బూజు పడుతుందా. ఇవే వాళ్ళకి కావలసినవి. కాబట్టి ఒకటే లెవెల్ పెట్టు, 89 రూపాయలు. ప్రతి వంటకీ కొలతల కాగితం మెంబర్లకి పోస్ట్ చెయ్యి. నెలకోసారి మెంబర్లకి మాత్రమే గంట లైవ్ పెట్టు. మిరపకాయల కాలంలో అందరూ తమ తమ ఇళ్ళల్లో పచ్చడి పడుతుంటే, మీ అత్తయ్య తన రోలు దగ్గర కూర్చుని, వాళ్ళు చాట్‌లో అడిగినదానికి జవాబు చెబుతుంది. పదిమందికి పది కాల్స్ పోయి ఒక్క గంట మిగిలింది. అదీ ఆవిడ సరేనంటేనే. కాదంటే కొలతల కాగితమే పెట్టు. ఒక లెవెల్‌కి పెట్టిన ధర తర్వాత మార్చడం కుదరదు, అది తీసేసి కొత్తది పెట్టుకోవాలి. అందుకే మూడు పెట్టి చిక్కుల్లో పడొద్దు.

ఎంతొస్తుందో కూడా విను. 89లో పన్ను పోతే 75 చిల్లర, అందులో 70 శాతం మీకు. మనిషికి 52 రూపాయలు చొప్పున 60 మంది చేరితే నెలకి మూడువేల పైచిలుకు. ఐఫోన్‌లో చేరినవాళ్ళ దగ్గర యాపిల్ కోత వేరే ఉంటుంది.

తెలంగాణకి చెందిన గ్రాండ్‌పా కిచెన్ ఛానెల్ నారాయణరెడ్డి గారు గుర్తున్నారా, 2019లో పోయారు. పెద్ద పెద్ద గుండిగల్లో వండి అనాథ పిల్లలకి పెట్టేవారు. అభిమానులు పేట్రియాన్‌లో డబ్బు పంపేవారు. వాళ్ళకి తిరిగి వచ్చే బహుమతుల కంటే, ఆ పిల్లలు తినడం కళ్ళారా చూడటమే ముఖ్యం. మీ చూపరులూ అలాంటివాళ్ళే, వాళ్ళు కట్టేది మీ అత్తయ్య కోసం.

ఇక ఆ ఖాతా. వంట ఆవిడది, కెమెరా నీది, డబ్బు మరిదికి. ఇదెక్కడి లెక్క? లైవ్ సంగతి చెప్పే రోజునే ఆవిడ ముందు కూర్చుని, వచ్చినదాంట్లో ఆవిడకెంత, నీకెంత, అతనికెంత అని కాగితం మీద రాసుకోండి. మరిది ఒప్పుకోకపోతే మెంబర్‌షిప్ బటన్ ఆన్ చెయ్యొద్దు.